నిఖా రాయించుకునే విధానం: సియాహా కాగితం, మెహర్ గడి, సాక్షుల సంతకాలు

హాలు మూడు నెలల ముందు బుక్ చేస్తాం, బిర్యానీ మాస్టర్‌కి రెండు నెలల ముందే అడ్వాన్స్ ఇస్తాం, ఖాజీ సాబ్‌కి మాత్రం పెళ్లి ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తాం. మా ఇళ్లలో నేను చూసిన గొడవల్లో సగం అక్కడే మొదలయ్యాయి. నిఖా అంటే ఒప్పందం, ఆ ఒప్పందం రాసే కాగితం సియాహా (కొన్ని ఊళ్లలో నిఖానామా అంటారు). దాన్ని పది నిమిషాల్లో, మైకు గోలలో, ఎవరో ఒక మామూ చెప్పింది చెప్పినట్టు నింపేస్తారు. తర్వాత పాస్‌పోర్ట్‌కైనా, వీసాకైనా, దేవుడు చేయకూడదు గానీ కోర్టుకైనా ఆ కాగితమే దిక్కు. అందుకే తెలంగాణలో, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల సున్నీ ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో రాస్తున్నాను. ఆంధ్రలో ఆఫీసులు వేరు, పద్ధతి దాదాపు ఇదే.

ముందు ఖాజీ ఎవరో చూసుకోండి

1880 నాటి ఖాజీల చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక్కో ప్రాంతానికి ఖాజీని నియమిస్తుంది, ఆయన కింద నాయబ్ ఖాజీలు ఉంటారు, మీ హాలుకి వచ్చేది మామూలుగా వాళ్లే. తమాషా ఏంటంటే ఆ చట్టంలోనే, పెళ్లికి ఖాజీ ఉండి తీరాలని ఏమీ లేదని కూడా రాసి ఉంది. అంటే మస్జిద్ ఇమామ్ చదివించినా, చదువుకున్న పెద్దమనిషి చదివించినా నిఖా నిఖాయే. కానీ రికార్డు పుస్తకం ఉండేది ఖాజీ దగ్గర, వక్ఫ్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చేది ఆ రికార్డు చూసే. కాబట్టి మీ హాలు ఉన్న ఏరియా ఏ ఖాజీ కిందకి వస్తుందో కనీసం రెండు వారాల ముందు కనుక్కుని, ఆఫీసుకి వెళ్లి ఫారం నింపండి. ఫీజు ఎంతో అప్పుడే అడిగి రసీదు తీసుకోండి, హాల్లో బేరాలు పెట్టుకోకండి.

అడిగే కాగితాలు పెద్దగా ఏమీ ఉండవు. ఇద్దరి ఆధార్, వయసుకి టెన్త్ మెమో గానీ జనన ధ్రువపత్రం గానీ, ఫొటోలు, సాక్షుల ఆధార్. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. రెండో పెళ్లి అయితే తలాఖ్ లేదా భార్య కోరి తీసుకున్న ఖులా కాగితం, భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం కావాలి, మళ్లీ పెళ్లికి ముందు ఆడమనిషి ఆగాల్సిన ఇద్దత్ గడువు కూడా పూర్తవ్వాలి. భర్త పోయిన ఆమెకి అది నాలుగు నెలల పది రోజులు, విడాకులైన ఆమెకి మూడు నెలసరులు, గర్భంతో ఉంటే ఎవరికైనా కాన్పు అయ్యేవరకు. పెళ్లికొడుకు విదేశీ పౌరుడైతే వాళ్ల దేశం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం అడుగుతారు, చిరాకు పడకుండా తెప్పించండి. పాతబస్తీలో గల్ఫ్ నుంచి వచ్చిన ముసలాళ్లతో జరిగిన కాంట్రాక్ట్ పెళ్లిళ్ల కథలు మనకి తెలియనివి కావు.

ఇక మన వైపు అసలు తలనొప్పి పేర్లు. టెన్త్ మెమోలో ఎస్కే అని రెండక్షరాలు, ఆధార్‌లో షేక్ అని పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో అదే షేక్ వేరే స్పెల్లింగ్‌తో. సియాహాలో ఉర్దూలో రాస్తారు కాబట్టి ఆ రోజు ఎవరికీ కనిపించదు, ఇంగ్లిష్ సర్టిఫికెట్ చేతికొచ్చాక బయటపడుతుంది. పాస్‌పోర్ట్ ఉంటే అందులో ఉన్న స్పెల్లింగ్‌నే ఒక తెల్ల కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఖాజీకి ఇవ్వండి.

మెహర్ గడి

మెహర్ అంటే అబ్బాయి అమ్మాయికి ఇవ్వాల్సిన సొమ్ము. అమ్మాయికి, వాళ్ల నాన్నకి కాదు. కట్నంతో దీన్ని కలిపి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, 1961 వరకట్న నిషేధ చట్టమే మెహర్‌ని కట్నం లెక్కలోంచి తీసేసింది. మన దగ్గర సున్నీల్లో ఎక్కువమంది పాటించే హనఫీ లెక్కలో కనీస మెహర్ పది దిర్హమ్‌లు, అంటే 30.618 గ్రాముల వెండి, దానికి తగ్గించి రాసినా అంత ఇవ్వాల్సిందే. పైకి హద్దు లేదు. కొందరు మెహరె ఫాతిమీ అని రాయిస్తారు, అది 500 దిర్హమ్‌లు, సుమారు 1531 గ్రాముల వెండి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మెహర్ రెండు రకాలు, వెంటనే ఇవ్వాల్సింది ఒకటి, తర్వాత ఇచ్చేది ఇంకొకటి. ఉర్దూలో రెండింటినీ ముఅజ్జల్ అనే పలుకుతాం. రాతలో ఒకదానికి ఐన్ అక్షరం వస్తుంది, అది వెంటనే ఇచ్చేది. ఇంకోదానికి వావ్ మీద హమ్జా వస్తుంది, అది వాయిదా. హాల్లో ఖాజీ అడుగుతాడు, అబ్బాయి తరఫు పెద్దాయన "ముఅజ్జల్" అంటాడు, రాసే కలం ఏది రాస్తే అదే ఖాయం. ఒక్క అక్షరంతో అమ్మాయి హక్కు మొత్తం మారిపోతుంది. వెంటనే ఇవ్వాల్సినదైతే ఆమె ఎప్పుడు అడిగినా ఇవ్వాలి, ఇచ్చేదాకా కాపురానికి రానని చెప్పే హక్కు కూడా ఆమెకుంది. వాయిదాది విడాకులప్పుడో భర్త చనిపోయినప్పుడో చేతికొస్తుంది. చనిపోతే అది భర్త మీద ఉన్న అప్పు, ఆస్తి పంచకముందు తీర్చాలి.

మా మామూ కూతురి పెళ్లిలో ఇదే జరిగింది. అనుకున్న మెహర్ 1,01,000 రూపాయలు, రెండు సుర్ఖ్ దీనార్లు. సియాహాలో మొత్తం అంకె రాసి పక్కన ఆ ఒక్క మాట రాశారు, అంతే. ఆ రోజే అత్తగారు మెడలో రెండు తులాల గొలుసు వేశారు. ఏడాది తర్వాత మాటా మాటా వచ్చినప్పుడు వాళ్లు "గొలుసు మెహర్ కిందే ఇచ్చాం కదా" అన్నారు, మావాళ్లు "అది చఢావా, పెళ్లికూతురికి పెట్టిన నగ, మెహర్ వేరే" అన్నారు. కాగితం చూస్తే గొలుసు మాటే లేదు, ముఅజ్జల్ ఏ ముఅజ్జలో కూడా సరిగ్గా కనబడలేదు. దీనార్ దగ్గర ఇంకో పేచీ. మన దగ్గర ఉలమా చెప్పే లెక్కలో దీనార్ అంటే 4.374 గ్రాముల బంగారం, ఇంకొందరు 4.25 అంటారు. రెండు దీనార్లకి తేడా పావు గ్రాము కూడా రాదు, కానీ కోపంలో ఉన్న రెండు కుటుంబాలకి పావు గ్రాము చాలు. చివరికి ఇద్దరు పెద్దల ముందు విడిగా ఒక కాగితం రాసుకుని, గొలుసు చఢావా అని ఒప్పుకుని, నగదు రెండు విడతల్లో ఇచ్చారు.

దాని తర్వాత చెల్లెలి పెళ్లికి మేం ముందే టైప్ చేయించి తీసుకెళ్లాం: మొత్తం నగదు 1,01,000, అందులో 51,000 ఈ మజ్లిస్‌లోనే అమ్మాయి చేతికి ముట్టింది, మిగిలిన 50,000 ఉధార్, రెండు దీనార్లు అంటే 8.748 గ్రాముల మేలిమి బంగారం, అదీ ఉధార్, పెట్టిన నగలు మెహర్‌లో భాగం కాదు. ముఅజ్జల్ బదులు వెంటనే ఇచ్చేదానికి నఖ్ద్, వాయిదాదానికి ఉధార్ అనే మాటలే వాడమన్నాం, ఖాజీ సాబ్ నవ్వి రాసిపెట్టాడు. ఏమీ రాయకుండా వదిలేస్తే సున్నీల్లో ఊరి ఆచారాన్ని బట్టి తేలుస్తారు, అది ఎవరి ఆచారం అని మళ్లీ వాదన.

వకీలు, సాక్షులు

తెలుగులో వకీలు అంటే లాయర్, ఇక్కడ కాదు. అమ్మాయి తరఫున ఒప్పుకుని వచ్చే మనిషి వకీల్. మామూలుగా మామూనో చాచానో ఉంటారు, లోపలికెళ్లి అమ్మాయితో మాట్లాడాలి కాబట్టి దగ్గరి బంధువే మేలు. ఆయన ఇద్దరు సాక్షులతో వెళ్లి ఫలానా వాళ్ల అబ్బాయి ఫలానాతో, ఇంత మెహర్‌కి నిఖా చేయమంటావా అని అడుగుతాడు. మెహర్ అంకె కూడా చెప్పి అడగాలి, చాలామంది దాన్నే మింగేస్తారు. మొదటి పెళ్లి అమ్మాయి తలొంచుకుని ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అని ఇస్లామీ ధర్మశాస్త్రం ఫిఖ్హ్‌లో ఉంది, అయినా నోటితో చెప్పించి, సియాహా చదివి వినిపించి సంతకం పెట్టించండి. ఖాళీ గడుల మీద సంతకం తీసుకోవడం నేను కళ్లారా చూశాను.

అసలు నిఖాకి హనఫీల్లో ఇద్దరు ముస్లిం మగవాళ్లు, లేదా ఒక మగ ఇద్దరు ఆడవాళ్లు సాక్షులుగా ఉండాలి. వాళ్లు అక్కడే కూర్చుని ఇజాబ్ అంటే నిఖా ప్రస్తావన, ఖబూల్ అంటే ఒప్పుకోలు, రెండూ ఒకే మజ్లిస్‌లో చెవులారా వినాలి. ఫొటో కోసం ఎమ్మెల్యేనో బావగారి బాస్‌నో సాక్షిగా రాయించి, ఆయన భోజనాల దగ్గర ఉంటే ఏం లాభం? షియాల్లో సాక్షులు షరతు కాదు. బార్కస్‌లోని షాఫయీ పద్ధతి పాటించే అరబ్బు మూలాల కుటుంబాల్లో వలీ, అంటే అమ్మాయి తండ్రి లేదా తర్వాతి పెద్ద, లేకుండా నిఖా కుదరదు. అబ్బాయి సౌదీలో ఇరుక్కుపోతే వీడియో కాల్‌లో ఖబూల్ అనిపించడం కంటే, అతను ఇక్కడ ఒకరిని వకీల్‌గా పెడితే ఆ మనిషి సాక్షుల ముందు అతని తరఫున ఖబూల్ అంటాడు. ముఫ్తీలు ఎక్కువమంది చెప్పే దారి ఇదే.

ఖుత్బా, ఖబూల్

నిఖా ప్రసంగమైన ఖుత్బా సున్నత్, అది లేకపోయినా నిఖా చెల్లుతుంది. అరబీలో అయిదారు నిమిషాలు ఉంటుంది, దేవుడి స్తుతి తర్వాత ఖురాన్‌లోంచి ఆలి ఇమ్రాన్ 102వ ఆయత్, నిసా మొదటి ఆయత్, అహ్జాబ్ 70, 71 చదువుతారు, అన్నీ దైవభీతి గురించి, సూటిగా మాట్లాడటం గురించి. మన తెలుగు ఊళ్లలో కొందరు ఇమామ్‌లు దాని అర్థం తెలుగులో కూడా చెప్తున్నారు, అడిగితే చెప్తారు. ఆ తర్వాత ఖాజీ అబ్బాయితో, ఫలానా అమ్మాయిని, ఇంత మెహర్‌కి, ఇద్దరు సాక్షుల సమక్షంలో మీ నిఖాలో ఇచ్చాను, ఖబూల్ చేశారా అంటాడు. "ఖబూల్ కియా." మూడుసార్లు అనిపించడం అలవాటు, ఒక్కసారి చాలు. తర్వాత దుఆ, ఖర్జూరాలు, పిల్లల తోపులాట.

ఖర్చులెవరివి అంటే షరియత్‌లో అబ్బాయి మీద ఉన్నవి మెహర్, భార్య పోషణ, సున్నత్‌గా వలీమా విందు. నిఖా రోజు హాలు, వందల మందికి భోజనం అమ్మాయివాళ్లు పెట్టుకోవడం మన ఆచారమే తప్ప షరియత్ కాదు, ఇక జహేజ్ పేరుతో బండీ ఫ్రిజ్ అడగడం చట్టం ప్రకారమే నేరం. సియాహాలో షరతులు రాసుకునే వీలుంది, చదువు ఆపించకూడదు లాంటివి, అవి సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే మాట్లాడుకోండి.

సర్టిఫికెట్

సంతకాలయ్యాక సియాహా కాపీల్లో అమ్మాయిది అమ్మాయి దగ్గరే ఉండాలి, అత్తగారి బీరువాలో కాదు. ఇంగ్లిష్ మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలంటే సియాహా, ఆధార్‌లు, ఫొటోలు తీసుకుని నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగానికి వెళ్లాలి, ఖాజీ పంపిన రికార్డుతో సరిచూసి ఇస్తారు. ఖాజీ ఇంకా రికార్డు పంపకపోతే అక్కడ ఆగిపోతుంది, అందుకే వెళ్లేముందు ఆయనకి ఫోన్ చేసి పంపారో లేదో కనుక్కోండి. చేతికిచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి పేర్లు, పుట్టిన తేదీలు, నిఖా తేదీ పాస్‌పోర్ట్‌తో పోల్చి చూడండి. గల్ఫ్ వీసాకైతే ఆ సర్టిఫికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, కొన్ని దేశాలకైతే ఆపై ఆ దేశపు ఎంబసీది కూడా పడాలి, తప్పు ఆ దశలో బయటపడితే మళ్లీ ఖాజీ దగ్గర్నుంచే మొదలు.