టేలర్, ఫేయోల్, మేయో: తేడా రాయమంటే జవాబు ఎలా కట్టాలి?

టేలర్ శాస్త్రీయ నిర్వహణకూ మేయో మానవ సంబంధాల దృక్పథానికీ తేడా రాయమనగానే చాలామంది పేజీ మధ్యలో గీత గీసి, అటు డబ్బు, ఇటు మనసు అని నింపేస్తారు. పేపర్ దిద్దేవాళ్లు ఇలాంటివి చూసీ చూసీ విసిగిపోయుంటారు. నిజానికి రెండు వర్గాలూ పట్టించుకున్న సమస్య ఒక్కటే: కూలీలు చేతనైనంత చేయకుండా ఒక హద్దు దగ్గర ఎందుకు ఆగిపోతారు? జవాబును దీని చుట్టూ కడితే తేడా దానంతటదే బయటపడుతుంది.

1. ముందు ఒక ఉదాహరణ పట్టుకోండి

నెల్లూరు దగ్గర రొయ్యలు వలిచే షెడ్డు ఒకటి ఊహించుకోండి. అంకెలు కూడా ఊహే. కిలోకి ఇంత అని కూలి. ఒక్కో ఆడమనిషి రోజుకు 20 కిలోల దాకా వలుస్తుంది. ఓనరు కిలోకి 2 రూపాయలు పెంచాడు. నెల గడిచినా 20 కిలోలు దాటలేదు. కొత్తగా చేరిన పిల్ల 27 కిలోలు వలిస్తే పక్కనున్నామె, "ఏందమ్మే, నువ్వొక్కదానివే ఇంత లాగేస్తే రేపు మా అందరి రేటూ కోస్తారు" అంది. మర్నాటి నుంచి ఆ పిల్లదీ 20 కిలోలే.

2. టేలర్ కళ్లతో చూడండి

ఇలా కలిసికట్టుగా పని తగ్గించడం టేలర్‌కు బాగా తెలుసు. దీనికి ఆయన కూలీల సోమరితనాన్ని మాత్రమే తప్పుపట్టలేదు. ఎక్కువ చేస్తే యజమాని పీస్ రేటు తగ్గిస్తాడన్న భయం న్యాయమైనదేనని ఒప్పుకున్నాడు. చాలా జవాబుల్లో ఈ మాట ఉండదు, మీరు తప్పక రాయండి.

ఆయన మందు: పనిని ముక్కలుగా విడదీసి గడియారంతో కొలవడం, సరైన పద్ధతి తేల్చడం, తగిన మనిషిని ఎంచి నేర్పడం, ఎక్కువ చేసినవాడికి ఎక్కువ ఇవ్వడం. బెత్లెహేమ్ స్టీల్‌లో ఇనుప దిమ్మెలు మోసే మనిషి రోజుకు పన్నెండున్నర టన్నుల నుంచి నలభై ఏడున్నర టన్నులకు వెళ్లాడనీ, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85కి పెరిగిందనీ 1911 నాటి పుస్తకంలో రాశాడు. పని దాదాపు నాలుగు రెట్లు, కూలి 60 శాతమే. విమర్శ రాయడానికి ఈ లెక్క చాలు.

మన షెడ్డులో అయితే ఆయన బల్ల ఎత్తు, ఐసు ఎంత దూరంలో ఉంది, వలిచే తీరు అన్నీ కొలిచేవాడు. కొలిచాక రేటు కోయకూడదని కూడా చెప్పేవాడు.

3. ఫేయోల్‌కు ఒక పేరా చాలు

ఆయన చెప్పిన 14 నిర్వహణ సూత్రాలూ వల్లె వేయొద్దు. ఒక్క ఆదేశ ఏకత్వం తీసుకోండి. ఒక మనిషికి ఒకే పైఅధికారి ఉండాలన్నది ఫేయోల్ మాట. టేలరేమో ఒక కార్మికుడిపై ఎనిమిది మంది ఫోర్‌మెన్‌లను పెట్టమన్నాడు. అంటే వీళ్లిద్దరూ ఉన్న సంప్రదాయ వర్గంలోనే గొడవ ఉంది. పైగా ఫేయోల్ జాబితాలో సమదృష్టి, సంఘభావం కూడా ఉన్నాయి కాబట్టి ఆయన మనుషుల్ని పూర్తిగా మరిచిపోయాడని రాయకండి.

4. అదే షెడ్డును హాథార్న్ కళ్లతో చూడండి

హాథార్న్ అంటే అమెరికాలో షికాగో దగ్గరి వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ; మానవ సంబంధాల దృక్పథం అక్కడి ప్రయోగాల నుంచే వచ్చింది. వాటిలో అందరూ రాసేది వెలుతురు మారుస్తూ ఉత్పత్తిని గమనించిన దీపాల ప్రయోగం. అది 1924లో మొదలైంది, మేయో వచ్చింది 1928లో. కాబట్టి దాన్ని మేయో చేశాడని రాస్తే తప్పే. మనకు అక్కరకొచ్చేది 1931-32 నాటి బ్యాంక్ వైరింగ్ గది, అంటే టెలిఫోన్ స్విచ్ పరికరాలకు వైర్లు బిగించే గది. అక్కడ 14 మంది మగవాళ్లు, గుంపు ఉత్పత్తిని బట్టి జీతం. అయినా రోజుకు రెండు యూనిట్లు చాలని తమలో తామే తీర్మానించుకున్నారు. ఎక్కువ చేసేవాణ్ని ఎగతాళి చేశారు, భుజం మీద గుద్దారు. తక్కువ చేసేవాణ్నీ వదల్లేదు. పైవాళ్లకు చాడీలు చెప్పేవాణ్ని అసలు సహించలేదు.

టేలర్‌కు ఇది సరైన లెక్కతో, సరైన రేటుతో పోయే జబ్బు. హాథార్న్ పరిశోధకులకు అది గుంపు తనను తాను కాపాడుకునే కట్టుబాటు. షెడ్డులో ఆ పిల్లకు ఏడు కిలోల కూలి కన్నా పక్కనున్నామెతో సఖ్యత ముఖ్యమైంది. అంచేత రేటు పెంచడంతో ఆగకుండా ఆ గుంపు మాట వినాలి, వాళ్ల పెద్దమనిషిని కలుపుకోవాలి అంటుంది ఈ దృక్పథం.

5. చివరి పేరా విమర్శకు ఉంచండి

రెండో వైపు గెలిచిందని తేల్చేయకండి. హాథార్న్ మరో ప్రయోగంలో, టెలిఫోన్ రిలేలు బిగించే కొద్దిమంది ఆడవాళ్లను పెట్టిన రిలే గదిలో, ఉత్పత్తి పెరగడానికి స్నేహమే కారణమంటారు. కానీ అక్కడ ఆ చిన్న గుంపుకే వేరుగా ప్రోత్సాహక వేతనం ఇచ్చారు. సరిగా సహకరించలేదని 1928లో ఇద్దర్ని తీసేసి కొత్తవాళ్లను పెట్టారు. కాబట్టి పెరుగుదలలో డబ్బు పాలెంతో, మార్చిన మనుషుల పాలెంతో విడదీయడం కష్టం. ఇంకో మాట: వలిచేవాళ్ల భయం నిజమే అయి, ఓనరు రేపు రేటు కోసేస్తే, ఎంత ఆప్యాయంగా పలకరించినా 20 కిలోలు దాటవు.