ఫ్రెంచి తరగతిలో అయిదు నిమిషాల ఎక్స్‌పోజే: కొత్తగా వచ్చినవారికి సూచనలు

ఫ్రాన్సులో ఇంగ్లీషు మాధ్యమంలో మాస్టర్స్ చేయడానికి వచ్చినవారికి కూడా చాలా విశ్వవిద్యాలయాల్లో ఫ్రెంచి తరగతి ఉంటుంది. సెమిస్టరు ముగిసేలోగా ఆ తరగతిలో ఏదో ఒక రోజు అందరి ముందు నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడవలసి వస్తుంది. దానినే ఇక్కడ ఎక్స్‌పోజే అంటారు. ఈ మధ్య హైదరాబాదు నుంచి వచ్చిన ఒక చెల్లెలు తాను తయారు చేసుకున్న ఎక్స్‌పోజేను ముందుగా నాకు వినిపించింది. విషయం ఉచిత ప్రజా రవాణా. ఉచ్చారణ బాగుంది, వ్యాకరణంలో పెద్ద తప్పులు లేవు, స్లైడ్లు కూడా చక్కగా ఉన్నాయి. అయితే ప్రజా రవాణా అంటే ఏమిటి, అది ఎప్పుడు మొదలైంది, ఏయే దేశాల్లో ఎలా ఉంది అని చెప్పుకుంటూ పోయేసరికి మూడు నిమిషాలు గడిచాయి. అసలు ఆమె ఏమి చెప్పదలచుకుందో అప్పటికీ నాకు తెలియలేదు. నేను వచ్చిన కొత్తలో మనవాళ్ల చేతుల్లో చూసిన మార్కుల కాగితాల మీద ఎర్ర సిరాతో ఎక్కువగా కనిపించిన మాట ఒకటే: "పా ద ప్రొబ్లెమాతీక్". అంటే ప్రసంగానికి మూలప్రశ్న లేదని అర్థం. అందుకే ఈ సూచనల్లో ఎక్కువ భాగం ఆ మూలప్రశ్న గురించే రాస్తున్నాను. స్లైడ్ల రంగులు, అక్షరాల సైజు మీరే చూసుకోగలరు.

ఫ్రెంచి వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ముక్కుతో పలకవలసిన అచ్చుల పక్కన అరసున్న పెట్టాను. అక్కడ 'న్' గాని 'మ్' గాని పూర్తిగా పలకకూడదు. 'యూ' అని రాసిన చాలాచోట్ల పెదవులను 'ఊ'కు పెట్టినట్టు గుండ్రంగా ఉంచి లోపల 'ఈ' అనాలి. ఇవి దగ్గరి పలుకులే కాబట్టి, ఒకసారి తోటి ఫ్రెంచి విద్యార్థి చేత చదివించుకొని వినండి.

మన దగ్గర సెమినారు ఇవ్వడమంటే ఒక విషయం గురించి తెలిసినదంతా వరుసగా చెప్పడమే. ఇక్కడి ఉపాధ్యాయులు వినదలచుకునేది అది కాదు. విషయాన్ని ఒక ప్రశ్నగా మార్చి, ఆ ప్రశ్నకు రెండు అంచెల్లో జవాబు చెప్పాలని వారు ఆశిస్తారు. ఇక్కడి పిల్లలకు ఈ పద్ధతి పాఠశాల నుంచే అలవాటు. అందువల్ల దీనిని ఎవరూ విడిగా నేర్పరు, అది లేకపోతే మాత్రం మార్కులు తగ్గిస్తారు. ప్రశ్న సరైనదా కాదా అని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మీ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు వస్తే అది పనికిరాదు. జవాబుగా ఒక పట్టిక వచ్చినా పనికిరాదు. "ఫ్రాన్సులో ఏ నగరాల్లో బస్సు ఉచితం?" అన్నదానికి జవాబు పట్టికే. "ఉచిత బస్సు మంచిదా?" అన్నదానికి జవాబు అవును లేదా కాదు. "బస్సును ఉచితం చేస్తే కార్ల వాడకం ఎంతవరకు తగ్గుతుంది?" అన్నప్పుడు మాత్రం కొంత తగ్గుతుందనీ, ఫలానా కారణాల వల్ల అంతకు మించి తగ్గదనీ చెప్పవలసి వస్తుంది. ఆ రెండు సగాలే మీ ప్రసంగంలోని రెండు భాగాలు. ప్రశ్న సరిగా కుదిరిన తరువాత ప్రణాళిక కోసం వేరే తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, ముందు స్లైడ్లు చేసి చివరలో ప్రశ్న అతికించేవారే ఎక్కువ. దయచేసి అలా చేయకండి.

ఆ చెల్లెలి విషయాన్నే తీసుకొని మొదటి నిమిషాన్ని మేమిద్దరం మళ్లీ ఎలా కట్టామో చెబుతాను. "బోఁజూర్ ఆ తూత్ ఎ ఆ తూస్" అని అందరికీ నమస్కారం చెప్పాలి; ఇక్కడ 'తూస్' చివరి 'స్' పలకాలి. వెంటనే వినేవారి దృష్టిని పట్టుకునే ఒక వాక్యం రావాలి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. మోంపెలియే మహానగర నివాసులకు బస్సు, ట్రాము ఉచితమైంది అదే నెల 21న. మన పిల్లలకు తప్ప మరెవరికీ తోచని పోలిక ఇది, పైగా తరగతిలో ఎవరూ విని ఉండరు. (ఆంధ్ర నుంచి వచ్చినవారికి 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం ఇలాగే పనికివస్తుంది.) అందుకని ఆమె ఇలా మొదలుపెట్టింది: "ఆఁ దెసాఁబ్ర్ ద మిల్ వేఁత్-త్ర్వా, ల తెలంగాణా ఎ మోఁపెలియే ఓఁ రాఁద్యూ ల బ్యూస్ గ్రాత్వీ: ల తెలంగాణా పూర్ లే ఫామ్, మోఁపెలియే పూర్ సే జాబితాఁ." 2023 డిసెంబరులో తెలంగాణ మహిళలకు, మోంపెలియే తన నివాసులకు బస్సును ఉచితం చేశాయని దీని అర్థం.

ఆ తరువాత ఆగకుండా మూలప్రశ్నకు రావాలి. "ఓఁ ప దోఁక్ స దమాఁదే" అంటే "కాబట్టి మనం ఇలా ప్రశ్నించుకోవచ్చు" అని. దాని వెంట ప్రశ్న: "దాఁ కెల్ మజ్యూర్ లా గ్రాత్వితే దే త్రాఁస్‌పోర్ పెర్మే-తెల్ ద రెద్వీర్ ల్యూజాజ్ ద లా వ్వాత్యూర్?" ఉచిత రవాణా కారు వాడకాన్ని ఎంతవరకు తగ్గించగలదు అన్నమాట. ఈ వాక్యాన్ని నెమ్మదిగా, స్లైడు వంక చూడకుండా, ఎదుటివారి ముఖం చూస్తూ చెప్పి ఒక్క క్షణం ఆగాలి. ఉపాధ్యాయుడు కలం తీసి రాసుకుంటే ప్రశ్న అందిందని తెలుసుకోవచ్చు. ఆ పైన ప్రణాళిక: "దాఁ జేఁ ప్రమియే తాఁ, నూ వెరోఁ స క లా గ్రాత్వితే షాఁజ్ పూర్ లే వ్వాయాజర్; దాఁ జేఁ సగోఁ తాఁ, నూ వెరోఁ పూర్‌క్వా ఎల్ న స్యూఫీ పా." ఉచితం ప్రయాణికులకు ఏమి మారుస్తుందో మొదట చూద్దాం, అది ఒక్కటే ఎందుకు చాలదో తరువాత చూద్దాం అని భావం. 'సగోఁ' అన్న మాటను రాసేటప్పుడు 'క' అక్షరం ఉన్నా పలికేటప్పుడు 'గ' అవుతుంది. ఇక్కడ మనవాళ్లు తరచుగా తడబడతారు.

ఇంతటితో ఒక నిమిషం అయిపోవాలి. మిగిలిన రెండు భాగాలకు తలా ఒకటిన్నర నిమిషం, ముగింపుకు అర నిమిషం ఇస్తే మొత్తం నాలుగున్నర నిమిషాలు. మిగిలిన అర నిమిషం తడబాటుకు, స్లైడు మార్పుకు వదిలేయండి. కొత్తగా నేర్చుకున్నవారు నిమిషానికి 100 నుంచి 110 మాటలకు మించి స్పష్టంగా పలకలేరు కాబట్టి, మొత్తం పాఠం 500 మాటలు దాటకూడదు. ఆ చెల్లెలి మొదటి ప్రతి దాదాపు దీనికి రెట్టింపు ఉంది. సమయం మించితే కొందరు ఉపాధ్యాయులు మధ్యలోనే ఆపేస్తారు, అప్పుడు ముగింపు ఎవరి చెవినా పడదు. అందుకే ప్రతి భాగంలోను రెండో ఉదాహరణను పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. గడియారం తొందరపెడితే దానిని వదిలి ముందుకు పోవచ్చు.

ఒక్కొక్క భాగంలో ఒక వాదన, ఒక నిజమైన ఉదాహరణ ఉంటే చాలు. మొదటి భాగానికి డంకర్క్ నగరాన్ని తీసుకున్నాం. అక్కడ 2018 సెప్టెంబరు నుంచి బస్సు అందరికీ, అన్ని రోజులూ ఉచితం. టికెట్టు కొనే పని లేకపోవడంతో కొత్త ప్రయాణికులు వచ్చారు. రెండో భాగంలో, ఉచితమైనా గంటకొక్క బస్సు వచ్చే ఊరిలో కారు ఉన్నవారు దానిని వదలరని, కొత్త ప్రయాణికుల్లో అంతకుముందు నడిచివెళ్లేవారు, సైకిలు తొక్కేవారు కూడా ఉంటారని, టికెట్ల డబ్బు పోతే ఆ భారాన్ని మరొకరు మోయాలని చెప్పాం. ఫ్రాన్సులో 11 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలు రవాణా కోసం కట్టే పన్నును అక్కడ ప్రస్తావించాం.

రెండు భాగాల మధ్య వంతెన లాంటి వాక్యం లేకపోతే వినేవారికి మీరు ఎక్కడున్నారో తెలియదు. ముందున్నదాన్ని ఒక్క ముక్కలో ముగించి, తరువాతి దానిని ప్రశ్నగా అడగడం అన్నిటికంటే తేలిక: "లా గ్రాత్వితే ఆతీర్ దోఁక్ ద నూవో వ్వాయాజర్. మే స్యూఫీ-తెల్ ఆ విదే లే రూత్?" ఉచితం కొత్త ప్రయాణికులను తెస్తుంది, కాని రోడ్లను ఖాళీ చేయడానికి అది చాలుతుందా అని. ప్రశ్న తోచకపోతే "వనోఁ-జాఁ మేఁత్‌నాఁ ఆ" అని, అంటే "ఇప్పుడు దీనికి వద్దాం" అని, రెండో భాగం పేరు చెప్పండి. ముగింపులో "పూర్ కోఁక్ల్యూర్" అని మొదలుపెట్టి మూలప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. కొత్త వాదన ఏదీ అక్కడ తేకూడదు. "జ వూ రమెర్సీ ద వోత్ర్ ఆతాఁస్యోఁ" అన్న కృతజ్ఞతతో ఆపండి.

మొత్తం పాఠాన్ని కాగితం మీద రాసుకొని చదివేవారికి ఇక్కడ మార్కులు పోతాయి, ఆ మాట ముందే చెబుతారు కూడా. ఇంగ్లీషులో రాసి ఫ్రెంచిలోకి మార్చుకున్న పొడుగు వాక్యాలైతే చదివినా నోరు తిరగదు. మొదటి వాక్యం, మూలప్రశ్న, ప్రణాళిక, వంతెన వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠస్థం చేయండి. మిగిలినదానికి చేతిలో ఒక చిన్న కార్డు మీద ముఖ్యమైన మాటలు చాలు. అంకెలను మాత్రం ఆ కార్డు మీద అంకెలుగా రాయకుండా పలికే తీరులో రాసుకోండి. నిలబడి ఉన్నప్పుడు 2018ని చూస్తే నోటికి ఇంగ్లీషే వస్తుంది. "ద మిల్ దిజ్విత్" అని రాసి ఉంటే నోరు తడబడదు. 70, 80, 90లలో వచ్చే సంఖ్యలైతే మరింత జాగ్రత్త అవసరం. లేదా వాటిని మీ ఉదాహరణల్లోంచి తీసేయండి. ఆ తరువాత ఫోనులో టైమరు పెట్టుకొని, నిలబడి, గట్టిగా చెప్పి రికార్డు చేసుకొని వినండి. మనసులో చదువుకున్నప్పుడు నాలుగు నిమిషాలు పట్టినది పైకి చెప్పేసరికి అయిదు దాటుతుంది.

యాస గురించి చాలామంది నిద్ర మానుకొని దిగులు పడతారు. అంత అవసరం లేదని ఒప్పుకోక తప్పదు. మూలప్రశ్న, ప్రణాళిక స్పష్టంగా వినిపిస్తే తెలుగు యాస ఉన్న ప్రసంగానికి కూడా మంచి మార్కులే వస్తాయి. పైగా ఇక్కడ 20కి 12 వస్తే "ఆసే బ్యేఁ", అంటే "బాగానే ఉంది" అనే శ్రేణి, 14 వస్తే "బ్యేఁ". మన ఊళ్లో నూటికి తొంభై చూసిన కళ్లతో 12ను చూసి ఇంటికి ఫోను చేసి ఏడవకండి. మాటలో తప్పు దొర్లితే "జ మ రప్రాఁ" అని, సరిచేసుకుంటున్నానని చెప్పి వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరూ మార్కులు తగ్గించరు.

ప్రసంగం తరువాత వచ్చే ప్రశ్నలకు రెండు వాక్యాలు సిద్ధంగా ఉంచుకోండి. ప్రశ్న అర్థం కాకపోతే "పూరియే-వూ రఫోర్‌మ్యూలే లా కెస్త్యోఁ, సిల్ వూ ప్లే?" అని మరోలా అడగమని కోరండి. సగం అర్థమైతే "సి జే బ్యేఁ కోఁప్రీ వోత్ర్ కెస్త్యోఁ" అని మొదలుపెట్టి, మీకు అందిన ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఈలోగా జవాబు ఆలోచించుకునే వీలు దొరుకుతుంది, ప్రశ్నను మీరు తప్పుగా పట్టుకుంటే ఉపాధ్యాయుడే అక్కడికక్కడ సరిచేస్తాడు.