కోఆర్డినేట్ డిసెంట్, 4వ పాఠం: కదలిక ఆగిందంటే కనిష్ఠం దొరికినట్టేనా?

పోయిన పాఠంలో x² + y² + xy − 3x కి కనిష్ఠం కనుక్కోమన్నాను. చాలామంది (2, −1) అనే సరైన జవాబే పంపారు. అయితే సగం మంది కోడ్‌లో ఈ వరుస ఉంది:

```python
x, y = (3 - y) / 2, -x / 2
```

జవాబు సరిగ్గానే వచ్చింది కదా అని దీన్ని వదిలేయలేను. y ని మార్చేటప్పుడు ఇక్కడ పాత x వాడుతున్నారు. అంటే రెండింటినీ ఒకేసారి మారుస్తున్నారు. కోఆర్డినేట్ డిసెంట్‌లో మిగతావాటిని కదపకుండా ఒక్కో చరరాశినే మారుస్తూ పోతాం, కాబట్టి ఇలా రాయాలి:

```python
x = (3 - y) / 2
y = -x / 2
```

(0, 0) నుంచి మొదలుపెడితే ఈ రెండో పద్ధతిలో ఒక్క రౌండ్‌కే (1.5, −0.75) వస్తుంది. మొదటి పద్ధతిలో అక్కడికి చేరడానికి రెండు రౌండ్లు పడుతుంది. ఇక్కడ నష్టం అంతే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మూడు చరరాశులు ఉంటే పరిస్థితి వేరు. x² + y² + z² + 1.6(xy + yz + zx) తీసుకోండి. దీని కనిష్ఠం (0, 0, 0) దగ్గర 0. x కి సూత్రం −0.8(y + z), మిగతా రెండూ అలాగే. (1, 1, 1) దగ్గర విలువ 7.8. మూడింటినీ ఒకేసారి మారిస్తే అన్నీ −1.6 అవుతాయి, విలువ 19.968 కి ఎక్కుతుంది. తర్వాతి రౌండ్‌లో అన్నీ 2.56. ఇలా పెరుగుతూనే పోతుంది. ఒక్కొక్కటిగా మారిస్తే మాత్రం విలువ ఎప్పుడూ పెరగదు, ఎందుకంటే ప్రతి అడుగులోనూ మిగతావాటిని కదపకుండా ప్రమేయాన్ని అతి తక్కువ చేసేలా ఆ ఒక్కదాన్ని ఎంచుకుంటున్నాం. అందుకే నేను రౌండ్ చివర కాకుండా ప్రతి అడుగు తర్వాతా f ని ప్రింట్ చేస్తాను. ఒక్కసారి పెరిగినా కోడ్ తప్పే.

ఇప్పుడు కోడ్ సరిగ్గా ఉండి, f ఎక్కడా పెరగకుండా, అయినా పద్ధతి మధ్యలోనే ఆగిపోయే ఉదాహరణ చూద్దాం.

f = x² + y² + 4|x − y|

కనిష్ఠం (0, 0) దగ్గర, విలువ 0. మనం (5, 3) నుంచి మొదలుపెడదాం, అక్కడ f = 42. y = 3 గా ఉంచి x ని మారుద్దాం. x, 3 కన్నా తక్కువ ఉన్నప్పుడు వాలు 2x − 4, అది సున్నా అయ్యేది x = 2 దగ్గర. f ఇప్పుడు 17. తర్వాత x = 2 గా ఉంచి y ని మారుద్దాం. y, 2 కి పైన ఉంటే వాలు 2y + 4, అది ధనాత్మకం. 2 కి కింద ఉంటే 2y − 4, అది ఋణాత్మకం. కాబట్టి y = 2 దగ్గరే ఆగాలి. f = 8.

మళ్లీ x కి వస్తే అదే లెక్క, x = 2. ఇక ఎన్ని రౌండ్లు తిప్పినా (2, 2) నుంచి కదలదు. కానీ రెండింటినీ కలిపి 0.1 తగ్గించి చూడండి. (1.9, 1.9) దగ్గర f = 7.22. కిందికి దారి ఉంది, అయితే అది ఏటవాలుగా ఉంది. x ఒక్కటే కదిలితే x² లో తగ్గేదానికన్నా 4|x − y| లో పడే భారం తక్కువ కాదు. y కీ అంతే. x = y గీత వెంబడి f కి మడత ఉంది, మనకు అనుమతి ఉన్న రెండు దిశలూ ఆ మడతకు అడ్డంగానే పోతాయి.

మడత ఉండటమే తప్పు కాదు. x² + y² + xy − 3x + |x| + |y| లోనూ మడతలున్నాయి, అక్కడ ఈ పద్ధతి కనిష్ఠానికే చేరుతుంది. ఎందుకంటే |x| లో ఒక్క x, |y| లో ఒక్క y మాత్రమే ఉన్నాయి. మృదువైన కుంభాకార భాగానికి ఇలా విడివిడి ముక్కలు కలిపితే ఇబ్బంది లేదని పాల్ సెంగ్ 2001లో చూపించిన ఫలితం నుంచి వస్తుంది. గుణకాల పరమ విలువల మీద జరిమానా వేసే లాసో రిగ్రెషన్‌కి ఈ పద్ధతి చక్కగా పనిచేసేది అందుకే. పక్కపక్క గుణకాల తేడా మీద జరిమానా వేసే ఫ్యూజ్డ్ లాసోలో మాత్రం, సరిగ్గా మన |x − y| లాగే, మామూలుగా తిప్పితే ఇరుక్కుంటుంది.

మన ఉదాహరణకు మందు చరరాశులు మార్చడమే. s = (x + y)/2, d = (x − y)/2 అనుకుంటే f = 2s² + 2d² + 8|d|. మడత ఇప్పుడు ఒక్క d లోనే ఉంది, కాబట్టి ఒక్క రౌండ్‌లో s = 0, d = 0. ఇలా మార్చగలిగినంత సేపూ నేను వేరే అల్గారిథమ్ వెతకను. మార్చడం కుదరకపోతే, ఆగిన చోట అన్నిటినీ కలిపి కొద్దిగా అటూ ఇటూ జరిపి f తగ్గుతుందేమో చూడండి. తగ్గితే అది కనిష్ఠం కాదు.

అభ్యాసం: (x − 1)² + (y − 3)² + 4|x − y| ని (0, 0) నుంచి చేత్తో చేయండి, కోడ్ వద్దు. ఎక్కడ ఆగిందో, అక్కడ f ఎంతో రాయండి. x = y గీత మీద ఈ పద్ధతి ఇరుక్కునే బిందువులన్నీ ఏవో, వాటిలో అసలు కనిష్ఠం ఏదో కారణంతో చూపండి. 4 బదులు c పెడితే ఆ బిందువుల పరిధి ఎలా మారుతుందో కూడా కావాలి.