నేచురల్ క్రీమ్ డబ్బాలో నీళ్లు ఎందుకు ఊరతాయి? సమస్య - పరిష్కారం

సమస్య: మరునాటికే క్రీమ్ మీద నీటి చుక్కలు

తేనెమైనం 10 గ్రాములు, బాదం నూనె 40 గ్రాములు కలిపి కరిగించి, అందులో 40 గ్రాముల నీరు కొంచెం కొంచెంగా పోస్తూ గిలకొడితే తెల్లగా, మెత్తగా క్రీమ్ వస్తుంది. ఆ రాత్రికి అంతా బాగానే ఉంటుంది. మర్నాడు మూత తీసి చెంచాతో నొక్కితే గుంటలో నీరు చేరుతుంది. ఇంట్లో చేసుకునే నేచురల్ క్రీముల్లో నేను ఎక్కువగా చూసిన ఫిర్యాదు ఇదే. గిలకొట్టడం చాలలేదని చాలామంది అనుకుంటారు, కానీ ఇక్కడ లోపించింది ఎమల్సిఫయర్.

కారణం

నీరు, నూనె ఎంత గిలకొట్టినా కాసేపే కలిసి ఉంటాయి. చిన్న నూనె బొట్లు ఒకదాన్నొకటి తాకినప్పుడల్లా కలిసిపోయి పెద్దవవుతాయి, చివరికి పైకి తేలిపోతాయి. ఎమల్సిఫయర్ అణువుకు ఒక కొన నీటిలో ఇముడుతుంది, రెండో కొన నూనెలో ఇముడుతుంది. అందువల్ల అది ప్రతి బొట్టు చుట్టూ సరిహద్దులో నిలబడి, బొట్లు కలిసిపోకుండా అడ్డుకుంటుంది.

తేనెమైనం ఒంటరిగా ఈ పని చేయలేదు. అది నూనెలో కరిగి, చల్లారాక గట్టిపడి, నీటి బిందువులను తనలో ఇరికించుకుంటుంది, అంతే. కాస్త వేడి తగిలినా, చెంచా గుచ్చినా ఆ నీరు బయటికొస్తుంది. అందుకే తేనెమైనాన్ని ‘సహజ ఎమల్సిఫయర్’ అని చెప్పే తయారీ పద్ధతులను నమ్మొద్దు.

పాత పద్ధతిలో తేనెమైనంతో పాటు బోరాక్స్ వేసేవారు. మైనంలోని స్వేచ్ఛా ఆమ్లాలు బోరాక్స్‌తో కలిసి సబ్బులా మారతాయి, ఆ సబ్బే అసలు ఎమల్సిఫయర్. 10 గ్రాముల మైనానికి సుమారు 0.6 గ్రాముల బోరాక్స్ సరిపోయేది. అయితే యూరోపియన్ యూనియన్‌లో సౌందర్య సాధనాల్లో దాని వాడకాన్ని నిషేధించారు కాబట్టి ఇప్పుడు నేను దాన్ని సూచించను.

పరిష్కారం

విడిపోయిన ఆ డబ్బాను బాగుచేయడం కన్నా కొత్తగా చేయడమే మేలు. ప్రిజర్వేటివ్ లేకుండా నీరు ఊరిన క్రీమ్‌లో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి.

100 గ్రాముల క్రీమ్‌కు నీరు 70, గ్లిజరిన్ 2, నూనె 20, ఎమల్సిఫయింగ్ వాక్స్ 5, సెటైల్ ఆల్కహాల్ 2, నీటికి పనికొచ్చే ప్రిజర్వేటివ్ 1 గ్రాము తీసుకోండి. ఎమల్సిఫయింగ్ వాక్స్ నూనె బరువులో దాదాపు నాలుగో వంతు ఉండాలి, ఇది మర్చిపోకూడని లెక్క. సెటైల్ ఆల్కహాల్ చిక్కదనానికే.

నీరు, గ్లిజరిన్ ఒక గిన్నెలో, నూనె, వాక్స్, సెటైల్ ఆల్కహాల్ ఇంకో గిన్నెలో పెట్టి రెండింటినీ 70-75 డిగ్రీల సెల్సియస్‌కు తేవాలి. ఒకటి చల్లగా ఉంటే వాక్స్ కలిసేలోపే గడ్డకడుతుంది, క్రీమ్ నూకనూకగా తయారవుతుంది. వేడిచేసేటప్పుడు ఆవిరైన నీటిని తూచి తిరిగి పోయండి. తర్వాత రెండూ కలిపి, హ్యాండ్ బ్లెండర్‌ను ఆపి ఆపి కొద్ది క్షణాల చొప్పున తిప్పుతూ, మధ్యమధ్య గరిటెతో కలపండి. 40 డిగ్రీల కిందికి దిగాక ప్రిజర్వేటివ్ వేయండి (తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత ఇంకోలా ఉంటే అదే పాటించండి). ఎక్కువసేపు బ్లెండర్ తిప్పితే గాలి బుడగలు చేరి, క్రీమ్ నురుగులా అవుతుంది.

కొన్ని వారాల తర్వాత పైన చిక్కగా, అడుగున పలచగా కనిపిస్తే

ఇక్కడ బొట్లు కలిసిపోలేదు, తేలికైన నూనె బొట్లు పైకి చేరాయి. కలిపితే మళ్లీ ఒకటవుతుంది. బొట్లు పెద్దవిగా ఉండటం, నీటి భాగం పలచగా ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. తర్వాతిసారి బ్లెండర్ ఇంకాస్త తిప్పి, గ్లిజరిన్‌లో ముందుగా తడిపిన శాంథాన్ గమ్ 0.2 గ్రాములు నీటి గిన్నెలో వేసి చూడండి. కలిపినా నూనె చారలు మిగిలితే మాత్రం ఎమల్షన్ తెగిపోయినట్టే.

నిమ్మరసమో, పుల్లని సారమో వేయగానే విరిగితే

సబ్బు ఆధారిత ఎమల్సిఫయర్లు ఆమ్లం తగిలితే పనిచేయవు, ఎందుకంటే సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది. వాసన, రంగు కూడా మారితే ఆ డబ్బా పారేయండి. ఆమ్లం వేయాలనే ఉంటే అయానిక్ కాని, అంటే విద్యుదావేశం లేని ఎమల్సిఫయర్ ఎంచుకోవాలి. పైన చెప్పిన ఎమల్సిఫయింగ్ వాక్స్ చాలా రకాల్లో అలాంటిదే ఉంటుంది, కానీ కొన్ని రకాలు సబ్బు లాగే రుణావేశంతో పనిచేస్తాయి గనుక లేబుల్ చూసి కొనండి.