ఫ్లెక్సీలో సారు మొహం ఎందుకు మసకబారింది? దూరాన్ని బట్టి రిజల్యూషన్ పెట్టుకునే లెక్క

పరకాల దగ్గర ఒక హైస్కూల్లో పాత పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. గేటు మీద కట్టడానికి 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కావాలన్నారు, డిజైన్ నేనే చేశాను. మధ్యలో వాళ్ల లెక్కల సారు ఫొటో 4 అడుగుల వెడల్పున పెట్టాను. ఫైలు 300 డీపీఐ అని చూపిస్తోంది కదా, ఇంకేం టెన్షన్ అనుకున్నాను. తీరా కట్టాక రోడ్డు అవతల నుంచి చూస్తే అక్షరాలన్నీ బాగున్నాయి, సారు మొహం మాత్రం పిండి పూసినట్టు మసకగా, కళ్లద్దాల అంచులు గళ్లుగళ్లుగా ఉన్నాయి. సారు వచ్చి తన ఫొటోనే చూసుకుంటారు కదా, ఆ మాట తలుచుకుంటేనే నాకు మనసొప్పలేదు. అదే రాత్రి మళ్లీ ప్రింట్ చేయించాను. రెండోసారి ఏం మార్చానో, ఎందుకు మార్చానో ఇక్కడ రాస్తున్నాను. హనుమకొండలో ఫ్లెక్సీ షాపులకు వచ్చే ఫైళ్లలో ఈ తప్పే ఎక్కువ కనిపిస్తుంది.

సమస్య: ఫైలు 300 డీపీఐ, అయినా దూరం నుంచే మొహం మసక

300 అనే అంకె ఫైలు మీద రాసి ఉన్నంత మాత్రాన ఫొటోలో అంత వివరం ఉన్నట్టు కాదు. నాకు వచ్చింది పాత గ్రూప్ ఫొటో. ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో మామూలుగా పంపారు, వాట్సాప్ దాన్ని దాదాపు 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించేసింది. అందులో సారు ఒక్కరిని కత్తిరిస్తే మిగిలింది 160 పిక్సెళ్ల వెడల్పు. దాన్ని తెచ్చి 300 డీపీఐ ఫైల్లో వేసి లాగితే సాఫ్ట్‌వేర్ మధ్యలో ఖాళీలను తనే ఊహించి నింపుతుంది. అంకె 300 అవుతుంది, సారు మొహంలో మాత్రం ఆ 160 పిక్సెళ్ల సమాచారమే ఉంటుంది.

కాబట్టి లెక్క వేయాల్సింది మొత్తం ఫైలుకు కాదు, ఆ మొహానికి. 4 అడుగులంటే 48 అంగుళాలు. 160ని 48తో భాగిస్తే అంగుళానికి మూడు పిక్సెళ్ల పైచిలుకు వచ్చింది. అంటే ఫ్లెక్సీ మీద ఒక్కో పిక్సెల్ ఏడెనిమిది మిల్లీమీటర్ల గడి, అంటే దాదాపు శనగ గింజంత. 40 అడుగుల దూరంలో నిలబడ్డ మనిషి మామూలు చూపుకు మూడున్నర మిల్లీమీటర్ల తేడా కూడా తెలుస్తుంది. గడి దానికి రెట్టింపు ఉంది, తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇక ఎంత ఉంటే సరిపోతుందంటే, నేను వాడే లెక్క ఇది: 300ను చూసే దూరంతో, అడుగుల్లో, భాగించండి. అంగుళానికి కనీసం అన్ని పిక్సెళ్లు ఉండాలి. సరిగ్గా లెక్కేస్తే 286 వస్తుంది గానీ 300 అయితే గుర్తుంటుంది. ఆ వచ్చినదాన్ని రెట్టింపు చేసుకుంటే నిశ్చింత, ఎందుకంటే కొందరి చూపు చురుగ్గా ఉంటుంది, కొందరు రెండడుగులు ముందుకొస్తారు. అడుగు దూరంలో చేతిలో పట్టుకుని చదివే పెళ్లి పత్రికకు 300 కావాలనేది కూడా ఈ లెక్కే. అదే అంకెను తెచ్చి గేటు మీద ఫ్లెక్సీకి పెట్టడమే మనం చేసే తప్పు.

మా గేటుకు 40 అడుగులు, అంటే ఏడున్నర, రెట్టింపు చేస్తే 15. 48 అంగుళాల మొహానికి 720 పిక్సెళ్ల వెడల్పు కావాలి. నా దగ్గర ఉన్నది 160.

పరిష్కారం ఎక్కడ దొరికింది

సారు వాళ్ల అబ్బాయికి ఫోన్ చేసి, "అన్నా, సారుది పాత పాస్‌పోర్ట్ సైజు ఫొటో కాగితం మీద ఏమన్నా ఉందా?" అని అడిగాను. ఒకటి దొరికింది. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ చిన్న కాగితాన్ని స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేస్తే 827 పిక్సెళ్లు వచ్చాయి. 48తో భాగిస్తే 17, అంటే కావాల్సిన 15 కన్నా ఎక్కువే. ఫోన్‌లో వచ్చిన పెద్ద గ్రూప్ ఫొటో కన్నా బొటనవేలంత కాగితం ముక్క నయమైంది. అదే 1200లో స్కాన్ చేస్తే ఇంకా బాగుంటుందా అంటే, పిక్సెళ్లు పెరుగుతాయి గానీ కాగితం మీద లేని వివరం రాదు, దాని గరుకుతనం మాత్రం కనిపిస్తుంది.

పాత కాగితం దొరకని చోట, ఫొటో తీసినవాళ్ల ఫోన్‌లో అసలు ఫైలు ఇంకా ఉందేమో అడగండి. ఉంటే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా Document గా పంపించమనండి, అప్పుడు అది కుదించదు. అదీ లేకపోతే మొహాన్ని చిన్నది చేయడం ఒక్కటే నిజాయితీగల దారి. 160 పిక్సెళ్ల మొహాన్ని ఒక అడుగు వెడల్పున పెట్టి ఉంటే అంగుళానికి 13 వచ్చేవి, 40 అడుగుల నుంచి బాగానే కనిపించేది. ఇది మొదటిసారే చేయాల్సింది.

ఫొటోలో నిజంగా ఎంత వివరం ఉందో చూడాలంటే ఫొటోషాప్‌లో ఆ ఫొటోను విడిగా తెరిచి, Image Size లోకి వెళ్లి, Resample పక్కన టిక్ తీసేసి, వెడల్పు దగ్గర 48 అంగుళాలు కొట్టండి. Resolution దానంతట అదే మారి నిజమైన అంకె చూపిస్తుంది. టిక్ ఉంచి కొడితే అది మీకు నచ్చే అంకె చూపిస్తుంది.

సమస్య: ఫైలు బరువై సిస్టమ్ ఆగిపోతోంది, సేవ్ కావడం లేదు

ఇది పై తప్పుకు అటు పక్క తప్పు. 20 అడుగులంటే 240 అంగుళాలు, దానికి 300 పెడితే వెడల్పే 72,000 పిక్సెళ్లు. PSD ఫైలు ఒక పక్క 30,000 పిక్సెళ్లు దాటితే తీసుకోదు. మెమొరీలో ఆ 72,000 పిక్సెళ్ల వెడల్పు ఫైలు ఏడెనిమిది జీబీ అవుతుంది. ఇంత మోసినా కట్టాక ఎవరి కంటికీ తేడా తెలియదు.

మా గేటుకు 15 చాలని తేలింది కదా, అయినా నేను మొత్తం ఫైలును 36లో పెట్టాను. గేటు లోపలికి వచ్చేవాళ్లు దాదాపు 16, 17 అడుగుల దగ్గరికి వచ్చి తలెత్తి చూస్తారు, ఆ దూరానికి రెట్టింపు లెక్క 36కు దగ్గరగా వస్తుంది. 8640 × 4320 పిక్సెళ్లు, మెమొరీలో 110 ఎంబీ చిల్లర, మామూలు సిస్టమ్ మీద హాయిగా నడుస్తుంది. షాపు వాళ్లు 72 అడిగితే 72 ఇవ్వండి, నష్టం లేదు, అంతకు మించి పోవద్దు.

కొందరు పదో వంతు సైజులో, 2 అడుగులు × 1 అడుగు ఫైలు చేస్తారు. మంచి పద్ధతే, కానీ అప్పుడు రిజల్యూషన్ పది రెట్లు ఉండాలి, అంటే 360. చిన్న సైజులో 72 పెట్టి పంపితే ప్రింట్‌లో అది 7 అయిపోతుంది. ఎన్నో వంతో షాపులో నోటితో చెప్పడమే కాదు, ఫైలు పేరులోనే రాయండి.

సమస్య: స్క్రీన్ మీద 100% లో చూస్తే మసకగా ఉంది, ప్రింట్‌కు ఇవ్వాలంటే భయం

ఇక్కడ చాలాసార్లు సమస్యే ఉండదు. 36లో చేసిన ఫైలును ల్యాప్‌టాప్‌లో 100% పెట్టి చూడటమంటే ఫ్లెక్సీకి తొమ్మిది అడుగుల దగ్గర నిలబడి చూసినట్టు. గేటు మీది దాన్ని అంత దగ్గర నుంచి ఎవరూ చూడరు.

సరైన పరీక్ష నిష్పత్తితో చేయాలి. 20 అడుగుల ఫ్లెక్సీని 40 అడుగుల నుంచి చూస్తే దూరం వెడల్పుకు రెట్టింపు. ల్యాప్‌టాప్ తెర వెడల్పు 13 అంగుళాల పైన ఉంటే, ఫ్లెక్సీ మొత్తాన్ని తెర నిండా పెట్టి, కళ్లు 27 అంగుళాల దూరంలో ఉండేలా వెనక్కి జరిగి కూర్చోండి. రోడ్డు అవతల మనిషికి దాదాపు అలాగే కనిపిస్తుంది. మొహం అక్కడ బాగుంటే ఫ్లెక్సీ మీద బాగుంటుంది.

అయినా నమ్మకం కుదరకపోతే సారు మొహంలో కన్ను, కళ్లద్దం ఉన్న ముక్కను అసలు సైజులోనే ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి, గోడకు అతికించి, 40 అడుగులు వెనక్కి నడిచి చూడండి. నేను రెండోసారి ఇదే చేశాను. పది రూపాయల కాగితంతో సగం రాత్రి టెన్షన్ పోయింది.

సమస్య: ఫొటో బాగుంది, అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి

ఫొటోకు సరిపోయిన 15 అనే లెక్క అక్షరాలకు సరిపోదు. తెల్లటి నేల మీద ఎర్ర అక్షరం అంచులో చిన్న మెట్టును కన్ను ఇట్టే పట్టేస్తుంది, అందులోనూ మన వత్తులూ గుడి మలుపులూ సన్నగా ఉంటాయి. అక్షరాలను ఫొటోతో కలిపి జేపెగ్ చేయకుండా కోరల్‌డ్రాలో విడిగా ఉంచి, `Ctrl+Q` తో కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అప్పుడు అక్షరాలకు రిజల్యూషన్ గొడవే ఉండదు. అను ఫాంట్లు వాడితే ఇది తప్పనిసరి. షాపు సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోతే "ఆత్మీయ" కాస్తా ఇంగ్లీషు గుర్తుల గుట్ట అవుతుంది.

ఫైలుది కాని సమస్యలు

దగ్గరికి పోయి చూస్తే సన్నని రంగు చుక్కలు కనిపించడం మామూలే, అవి మెషీన్ చల్లిన ఇంకు చుక్కలు. మెషీన్ చెప్పే 720 డీపీఐ ఆ చుక్కల లెక్క, మీ ఫొటో పిక్సెళ్ల లెక్క కాదు. ఫ్లెక్సీ ఈ చివర నుంచి ఆ చివరకు అక్షరాల మీదా ఫొటో మీదా ఒకేలా గీతలు పడితే హెడ్‌లో ఇంకు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, రిజల్యూషన్ పెంచితే పోవు. హెడ్ శుభ్రం చేసి మళ్లీ వేయమని షాపులోనే అడగండి.

స్టేజీ వెనక కట్టేది వేరే లెక్క

మా వాళ్లు గేటు ఫైలునే స్టేజీ వెనక కూడా కట్టేద్దామన్నారు, వద్దన్నాను. అక్కడ అందరూ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, కెమెరా 12 అడుగుల్లో ఉంటుంది. కనీసం 25, రెట్టింపు చేస్తే 50. సారు స్కాన్‌లో ఉన్నది 827 పిక్సెళ్లే కాబట్టి, స్టేజీ ఫ్లెక్సీలో ఆ ఫొటోను 4 అడుగుల నుంచి 2 అడుగులకు తగ్గించాను. అంగుళానికి 34 వచ్చాయి. 50 కాకపోయినా కనీసం కన్నా బాగా ఎక్కువే. సారు దాని పక్కనే నిలబడి దిగిన ఫొటోలో వెనకున్న చిన్నప్పటి సారు కళ్లద్దాల ఫ్రేము కూడా స్పష్టంగా ఉంది.