టీచర్ రెజ్యూమె ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

ఒంగోలులోనో కావలిలోనో ప్రైవేట్ స్కూల్లో రెజ్యూమె ఇచ్చే ముందు ఇవి సరిచూసుకోండి.

• "వంద శాతం రిజల్ట్స్" అని ఒక్క ముక్కలో వదిలేయకండి. సంవత్సరం, తరగతి, సబ్జెక్టు, ఎంతమంది రాశారన్నది ఉండాలి. ఇలా: "పదో తరగతి గణితం, 2024 మార్చి: 42 మంది రాశారు, 40 మంది పాస్, 9 మందికి 90 పైన." ఆ సెక్షన్‌కి ఇద్దరు కలిసి చెప్పి ఉంటే అదీ రాయండి. పాత స్కూల్‌కి ఫోన్ చేస్తే ఎలాగూ తెలుస్తుంది. పిల్లల పేర్లు మాత్రం వద్దు.

• ఉత్త "సైన్స్" అని రాస్తే ఫిజికల్ సైన్సా, బయాలజీనా తెలియదు. సబ్జెక్టు పక్కనే తరగతులు, మీడియం రాయండి.

• సైన్స్ ఫెయిర్ అయినా, స్కౌట్స్ అయినా, అందులో మీరు చేసిన పని ఒక వాక్యంలో చెప్పండి.