జ్వరంలో ఇచ్చిన రక్తం రిపోర్టు: ఫెర్రిటిన్, విటమిన్ డి, జింక్ అంకెలను ఎలా చదవాలి?

జ్వరం వచ్చింది కదా, పనిలో పనిగా అన్నీ చూపించుకుందామని చాలామంది అదే వారంలో ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటారు. రిపోర్టులో ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెర్రిటిన్ నార్మల్ అని, విటమిన్ డి, జింక్ తక్కువ అని వస్తుంది. ఐరన్ గురించి నిశ్చింతగా ఉండి, మిగతా రెండింటికీ మాత్రలు మొదలుపెడతారు. నిజం దీనికి తలకిందులుగా ఉండే అవకాశం ఉంది.

శరీరంలో ఇన్‌ఫ్లమేషన్, అంటే ఇన్‌ఫెక్షన్ వల్లో ఆపరేషన్ వల్లో కీళ్లవాతం వల్లో వచ్చే వాపు ప్రక్రియ, నడుస్తున్నప్పుడు ఫెర్రిటిన్ పెరుగుతుంది. నిల్వలో ఐరన్ లేకపోయినా అంకె మాత్రం నార్మల్‌గా కనిపించవచ్చు. జింక్ విషయంలో జరిగేది వేరు. అది రక్తం నుంచి కాలేయంలోకి వెళ్లిపోతుంది కాబట్టి రక్తంలో తగ్గుతుంది, అంతేగాని ఒంట్లోంచి పోదు. విటమిన్ డిని మోసుకెళ్లే ప్రోటీన్ కూడా తగ్గడంతో ఆ అంకె కూడా కిందికి దిగుతుంది.

మొదట సీఆర్‌పీ చూడండి

అదే రోజు, అదే శాంపిల్‌లో ఇన్‌ఫ్లమేషన్ ఎంత ఉందో చూపే సీఆర్‌పీ పరీక్ష చేశారా అన్నది ముందు వెతకండి. చేయకపోతే మిగతా మూడు అంకెలను నమ్మాలో లేదో చెప్పడం కష్టం. యూనిట్ తప్పకుండా చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. డెసీలీటరు లెక్కలో 3.8 అంటే లీటరు లెక్కలో 38. ఈ ఒక్క పొరపాటుతో పెద్ద ఇన్‌ఫ్లమేషన్ కూడా ఏమీ లేనట్టు కనిపిస్తుంది.

లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. గ్లాస్గోలో ఆసుపత్రి రోగుల ఫలితాలు చూసి 2012లో ప్రచురించిన అధ్యయనం, సీఆర్‌పీ 10 లోపు ఉంటేనే విటమిన్ డిని, 20 లోపు ఉంటేనే జింక్‌ను నమ్మకంగా చదవగలమని తేల్చింది.

తర్వాత ఒక్కో అంకె

ఉదాహరణకు 34 ఏళ్ల మహిళ అనుకుందాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం మొదలైన ఐదో రోజున రక్తం ఇచ్చింది. సీఆర్‌పీ 38, హిమోగ్లోబిన్ 10.4, ఫెర్రిటిన్ 58, విటమిన్ డి 16, జింక్ 58.

ల్యాబు ఫెర్రిటిన్‌ను నార్మల్ అంది. పెద్దవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ లేనప్పుడు 15 కంటే తక్కువైతే ఐరన్ లోపం అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. కానీ ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఆ హద్దును 70గా తీసుకోమని అదే సంస్థ 2020లో చెప్పింది. 58 దానికి లోపలే ఉంది. కాబట్టి ఈమెకు ఐరన్ లోపం ఉందనే అనుమానించాలి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండటం ఆ అనుమానాన్ని బలపరుస్తుంది, ఎర్రకణాల సైజు కూడా చిన్నదిగా ఉంటే అది ఇంకా బలపడుతుంది. అయితే వంశపారంపర్యంగా వచ్చే తలసీమియా ట్రెయిట్‌లో కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి, అందుకే డాక్టర్ నిర్ధారించాలి. రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెర్రిన్ శాచురేషన్ కూడా చేయించి ఉంటే, 20 శాతం కంటే తక్కువ అన్నది మరో సూచన. ఒకటి గుర్తుంచుకోండి, ఇన్‌ఫ్లమేషన్‌లో ఇదీ కొంత పడిపోతుంది.

జింక్ 58ని, విటమిన్ డి 16ని లోపం అని గానీ, లేదని గానీ చెప్పలేం. జింక్‌కు ఇంకో చిక్కు ఉంది. తిన్న తర్వాత అది తగ్గుతుంది, శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే పెరుగుతుంది. పొద్దున పరగడుపున ఇచ్చామా, మధ్యాహ్నం భోజనం చేశాక ఇచ్చామా అన్నదాన్నిబట్టి హద్దే మారిపోతుంది.

సీఆర్‌పీని బట్టి అంకెను సరిచేసి అసలు విలువ కట్టాలని ప్రయత్నించకండి. అలాంటి లెక్కలు జనాభా సర్వేల కోసం తయారైనవి, ఒక్క మనిషికి పనికిరావు.

మళ్లీ ఎప్పుడు?

సీఆర్‌పీ త్వరగా దిగుతుంది, ఫెర్రిటిన్ మాత్రం కొన్ని వారాలు పైనే ఉండిపోవచ్చు. జబ్బు తగ్గాక 4 నుంచి 6 వారాలు ఆగి, మళ్లీ సీఆర్‌పీతో కలిపి, పొద్దున పరగడుపున ఇవ్వండి. ఈమె విషయంలో ఆరో వారానికి సీఆర్‌పీ 2, ఫెర్రిటిన్ 11, జింక్ 76, విటమిన్ డి 19 వచ్చాయనుకుందాం. ఐరన్ లోపం ఖాయమైంది. జింక్ లోపం ఎప్పుడూ లేదు. విటమిన్ డి తక్కువే, మొదటి అంకె దాన్ని ఇంకొంచెం తగ్గించి చూపించింది. ఈలోగా డాక్టర్ ఐరన్ మొదలుపెట్టమంటే ఆపకండి, తేదీ రాసి పెట్టుకుంటే చాలు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, కిడ్నీ జబ్బు లాంటివి ఉన్నవాళ్లలో సీఆర్‌పీ ఎప్పటికీ దిగకపోవచ్చు. వాళ్లు నార్మల్ అయ్యేదాకా ఎదురుచూడకుండా డాక్టర్‌తో మాట్లాడాలి.

ఫైలులో ఏం రాయాలి

అంకె ఒక్కటే రాస్తే రెండేళ్ల తర్వాత చూసేవాళ్లు దాన్నే నిజం అనుకుంటారు. రిపోర్టు పైనే ఇలా రాయండి: "శాంపిల్ జ్వరం ఐదో రోజు, ఉదయం 11కి, టిఫిన్ తిన్నాక. సీఆర్‌పీ 38 (లీటరుకు మిల్లీగ్రాములు). ఫెర్రిటిన్ 58: ఐరన్ లోపం అనుమానం, నార్మల్ అని తీసుకోవద్దు. జింక్ 58, విటమిన్ డి 16: ఇన్‌ఫ్లమేషన్ వల్ల తగ్గి ఉండవచ్చు, తేల్చలేదు. వాడుతున్న మందులు: యాంటీబయాటిక్. 6 వారాలకు మళ్లీ చేయాలి."

"జింక్ లోపం" అని మాత్రం డయాగ్నసిస్‌లా రాయొద్దు. ఒకసారి ఫైలులోకి ఎక్కితే ప్రతి కొత్త డాక్టర్ చీటీలోకీ అదే ఎక్కుతుంది. రెండో రిపోర్టు వచ్చాక పాతదాన్ని కొట్టేయకుండా, దాని పక్కనే కొత్త తేదీతో "ఇది నమ్మదగ్గ విలువ" అని రాసి, రెండూ కలిపి పిన్ చేయండి.